ఆ 49 రోజులు ఎవరి దగ్గర గడిచాయి? ఒక ఆరోగ్య బీమా క్లెయిమ్‌ను విప్పి చూస్తే

ఆరోగ్య బీమా క్లెయిమ్ ఎలా జరిగిందని ఎవరినైనా అడగండి. మన వరంగల్ వైపు రెండే జవాబులు వినబడతాయి. "పైసలొచ్చినయ్" అంటారు, లేదంటే "బాగ తిప్పిచ్చుకున్నరు" అంటారు. ఈ రెండు మాటల్లోనూ మనకు పనికొచ్చే సమాచారం దాదాపు లేదు. డబ్బులొచ్చిన క్లెయిమ్‌లో కూడా రావాల్సిన దానికంటే తక్కువ వచ్చి ఉండొచ్చు. తిప్పించుకున్నారన్న చోట ఆలస్యం కంపెనీది కాకుండా ఆసుపత్రిదై ఉండొచ్చు, మనదే అయినా కావచ్చు. పక్కింటివాళ్ల అనుభవం విని పాలసీ తీసుకునేవాళ్లు, మానేసేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు కాబట్టి, ఆ అనుభవాన్ని సరిగ్గా చెప్పుకోవడం ఎలాగో ఒక క్లెయిమ్‌ను ముందు పెట్టుకుని చూద్దాం. మూడు విషయాలే చూస్తాను: తేదీలు, అడిగిన కాగితాలు, వాళ్లు రాసిన ఉత్తరాలు మనకు అర్థమయ్యాయా లేదా అన్నది.

క్లెయిమ్ మా బావది. నర్సంపేటలో ఎరువుల దుకాణం. 2023 మార్చిలో 5 లక్షల పాలసీ తీసుకున్నాడు. 2025 సెప్టెంబరు మొదటి వారంలో డెంగీతో హన్మకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. 2న చేర్చారు, 6న ఇంటికి పంపారు. బిల్లు ₹1,05,500. ఆసుపత్రి పేరు, కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఇందులో జరిగినవన్నీ ఏ కంపెనీలోనైనా, ఏ ఆసుపత్రిలోనైనా జరిగేవే.

ఒక మాట ముందే చెప్పాలి. మన జిల్లాల్లో చాలా కుటుంబాలకు బీమా అంటే మొదట తెలిసింది ఆరోగ్యశ్రీ. అక్కడ ఆసుపత్రిలోనే ఆరోగ్యమిత్ర ఉంటారు, కార్డు చూపిస్తే మిగతా కాగితాల పనంతా ఆసుపత్రికీ ట్రస్టుకూ మధ్య నడుస్తుంది. డబ్బు కట్టి తీసుకున్న ప్రైవేటు పాలసీ కూడా అలాగే నడుస్తుందనుకుని ఆసుపత్రికి వెళతారు. క్యాష్‌లెస్, అంటే బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి, దొరికితే ఇంచుమించు అలాగే నడుస్తుంది. దొరక్కపోతే మాత్రం కాగితాల బరువంతా రోగి కుటుంబం మీద పడుతుంది. మా బావకు జరిగింది ఈ రెండోదే.

ఒక చిన్న గీత, రెండు కాగితాలు

క్యాష్‌లెస్ అడిగిన రోజు కంపెనీ తరఫున టీపీఏ, అంటే క్లెయిముల కాగితాలు చూసిపెట్టే మధ్య సంస్థ, తొందరగానే జవాబిచ్చింది. 2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన అందిన గంటలోపు నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి రోజైతే ఆసుపత్రి తుది బిల్లు పంపిన మూడు గంటల్లోపు అనుమతి ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై, ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే ఆ ఖర్చు కంపెనీదే. మా బావ విషయంలో గంట నియమం పాటించారు. కాకపోతే వచ్చిన జవాబు "క్యాష్‌లెస్ ఇవ్వలేం" అని. కారణం: పాలసీకి ముందు నుంచే బీపీ ఉన్నట్టు కనిపిస్తోంది.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. క్యాష్‌లెస్ కాదన్నారంటే క్లెయిమ్ పోయిందని అనుకుంటారు. అలా కాదు. క్యాష్‌లెస్ కాదనడం అంటే అప్పటికి తమ ముందున్న కాగితాలతో తేల్చలేకపోతున్నామని చెప్పడం. డబ్బు మనం కట్టి, తర్వాత రీయింబర్స్‌మెంట్ కింద అడిగే హక్కు అలాగే ఉంటుంది. బావ వాళ్లన్న దగ్గర కొంత సర్దుబాటు చేసి, మిగతాది కార్డు మీద కట్టి డిశ్చార్జి అయ్యాడు. అక్క మాత్రం చాలా టెన్షన్ పడింది. "బీపీ మాత్రలు మొన్న ఉగాది దాటినంకనే గదా మొదలువెట్టింది, ఎనకటి నుంచి ఉందని ఎవలు చెప్పిన్రు వీళ్లకు?" అని ఆమె అడిగిన ప్రశ్నే మొత్తం క్లెయిమ్‌కు మూలం.

జవాబు ఆసుపత్రి కేస్ షీట్ మొదటి పేజీలో దొరికింది. చేర్చుకున్న రాత్రి డ్యూటీ డాక్టర్ చేత్తో "HTN 5/12" అని రాశారు. డాక్టర్ల రాతలో 5/12 అంటే పన్నెండు నెలల్లో ఐదు, అంటే ఐదు నెలలుగా బీపీ ఉందని. రోజులైతే కింద 7 వేస్తారు, వారాలైతే 52. ఇన్సూరెన్స్ డెస్క్‌లో క్యాష్‌లెస్ ఫారం నింపినవాళ్లు ఆ గీతను, కింది అంకెను పట్టించుకోలేదు. ఐదు కనబడింది, ఐదేళ్లని రాసేశారు. డిశ్చార్జి సమ్మరీ టైపు చేసినవాళ్లు అదే ఫారం చూసి అదే రాశారు. నెలలు ఏళ్లయ్యాయి. 2025 ఏప్రిల్‌లో బయటపడ్డ బీపీ కాస్తా 2020 నాటిదైపోయింది, అంటే పాలసీకి రెండున్నరేళ్ల ముందుది.

డెంగీకీ బీపీకీ ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. వైద్యం లెక్కన సంబంధం లేదు. కానీ కంపెనీ చూసేది వేరు. పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ప్రపోజల్ ఫారంలో బీపీ లేదని రాసి ఉంది. అప్పటికే ఉంటే నిజం దాచినట్టు అవుతుంది, అప్పుడు ఏ జబ్బు క్లెయిమ్ అయినా ఆ కారణం చూపి ఆపవచ్చు, పాలసీనే రద్దు చేయవచ్చు. వరుసగా 60 నెలలు పాలసీ నడిచాక ఈ కారణం చూపడానికి వీల్లేదు, మోసం చేశారని రుజువైతే తప్ప. ఈ గడువు ఇంతకుముందు ఎనిమిదేళ్లు ఉండేది, 2024లో ఐదేళ్లకు తగ్గించారు. బావ పాలసీకి ఇంకా మూడేళ్లు కూడా నిండలేదు కాబట్టి ఆ రక్షణ అతనికి వర్తించదు. ఆ ఒక్క తప్పును సరిచేయించక తప్పదు.

సరిచేయించడంలో కూడా ఒక పద్ధతుంది. ఆసుపత్రిలో మొదట చెప్పిన ఉపాయం ఏమిటంటే, పాత తేదీతోనే కొత్త డిశ్చార్జి సమ్మరీ ప్రింట్ తీసి ఇస్తామని. అది తీసుకోకూడదు. పాత సమ్మరీలోని మాట క్యాష్‌లెస్ ఫారం రూపంలో అప్పటికే టీపీఏ దగ్గర ఉంది. ఇప్పుడు వేరే మాటతో కొత్తది వెళితే, క్లెయిమ్ కోసం మార్చి రాయించారన్న అనుమానం వస్తుంది. నిజం చెబుతున్నవాడే అబద్ధమాడినట్టు కనిపిస్తాడు. చేయాల్సింది పాత సమ్మరీని అలాగే ఉంచి, వైద్యం చేసిన డాక్టర్ చేత లెటర్‌హెడ్ మీద విడిగా ఒక ఉత్తరం రాయించడం. అందులో రోగి ఇన్‌పేషెంట్ నంబరు, సమ్మరీలో ఏ వరుసలో ఏం తప్పు పడింది, సరైనది ఏమిటి, ఆ తప్పు ఎలా జరిగింది అన్నవి ఉండాలి. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, ముద్ర ఉండాలి. దానికి కేస్ షీట్ మొదటి పేజీ నకలు జతచేయాలి. డాక్టర్ మాటకు అదే రాత్రి రాసిన రాత తోడైతే ఎవరూ కాదనలేరు. దీనికి తోడు నర్సంపేటలో మొదట బీపీ చూసిన డాక్టర్ రాసిన చీటీ బావ దుకాణం డ్రాయర్లోనే దొరికింది. దాని మీద తేదీ ఉంది. ఆ తేదీ లేకపోతే ఆ చీటీకి విలువే లేదు.

తేదీలను ఎలా చదవాలి

క్లెయిమ్ కాగితాలు టీపీఏకు చేరింది సెప్టెంబరు 15న. మొదటి విడత డబ్బు ఖాతాలో పడింది నవంబరు 3న. మొత్తం 49 రోజులు. బయట అడిగినవాళ్లకు బావ "రెండు నెలలు తిప్పిన్రు" అనే చెబుతాడు, అతని బాధలో అది నిజమే. కానీ ఆ 49 రోజుల్లో కాగితం ఎవరి చేతిలో ఉందో విడదీస్తే బొమ్మ మారుతుంది.

సెప్టెంబరు 15 నుంచి 24 దాకా టీపీఏ దగ్గర ఉంది. 24న మెయిల్ వచ్చింది, మూడు కాగితాలు అడిగారు. అవి సేకరించి అక్టోబరు 6న పంపాం. అంటే ఆ 12 రోజులు మన వైపువి. 14న మళ్లీ మెయిల్, రెండు కాగితాలు అడిగారు. 17న పంపాం, ఇంకో మూడు రోజులు మనవి. అక్కడి నుంచి నవంబరు 3 దాకా 17 రోజులు కంపెనీవి. కూడితే వాళ్ల దగ్గర 34 రోజులు, మన దగ్గర 15.

మన 15 రోజుల్లో కూడా పెద్ద భాగం ఆసుపత్రి రికార్డుల విభాగం చుట్టూ తిరగడానికే పోయింది. మధ్యలో బతుకమ్మ, దసరా వచ్చాయి, సంతకం పెట్టాల్సిన డాక్టర్ ఊళ్లో లేరు. రోగి రాతపూర్వకంగా అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లోపు ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళిలో 2002 నుంచే ఉంది. నోటితో అడిగితే ఈ గడువు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, నకలు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుంటే రేపు రండి, ఎల్లుండి రండి అనడం తగ్గుతుంది. మాకు పండగ తర్వాత కదలిక వచ్చింది కూడా ఆ దరఖాస్తు ఇచ్చాకే.

ఇక కంపెనీ గడువు. ఆరోగ్య బీమాలో రీయింబర్స్‌మెంట్ క్లెయిమ్‌ను 15 రోజుల్లో తేల్చాలని 2024 సెప్టెంబరులో ఐఆర్‌డీఏఐ చెప్పింది. అంతకుముందు ఇది 30 రోజులు. పాత పాలసీ పుస్తకాల్లో ఇప్పటికీ 30 అనే అచ్చై ఉంటుంది, కాల్ సెంటర్‌లో కూడా చాలాసార్లు అదే చెబుతారు. అవసరమైన చివరి కాగితం అందిన రోజు నుంచి ఈ గడువు లెక్కిస్తామని కంపెనీలు అంటాయి. ఆ లెక్కన అక్టోబరు 17 నుంచి 15 రోజులంటే నవంబరు 1. డబ్బు పడింది 3న. రెండు రోజులే ఆలస్యం, పెద్ద ఫిర్యాదు కాదనిపిస్తుంది.

అసలు విషయం అక్టోబరు 14 మెయిల్‌లో ఉంది. అందులో అడిగింది ప్లేట్‌లెట్లు తెచ్చిన బ్లడ్ బ్యాంకు బిల్లు, దాని చెల్లింపు రసీదు. ఆ రెండూ సెప్టెంబరు 15న పంపిన కట్టలోనే ఉన్నాయి. ఎందుకంత ధైర్యంగా చెబుతున్నానంటే, పంపే ముందు ప్రతి పేజీకి మూల మీద నంబరు వేసి, ఏ నంబరులో ఏముందో పైన ఒక జాబితా పెట్టి, మొత్తం స్కాన్ తీసుకున్నాం. బ్లడ్ బ్యాంకు బిల్లు 31వ పేజీ, రసీదు 32. "మల్ల గదే కాయితం అడుగుతున్నరు, గిదేందిరా?" అని బావ విసుక్కున్నాడు. ఇచ్చిన కాగితాన్నే మళ్లీ అడిగితే అది చివరి కాగితం కాదు. ఇచ్చిన రోజే అది అందింది. కాబట్టి న్యాయంగా గడియారం మొదలవ్వాల్సింది అక్టోబరు 6న. అప్పుడు గడువు 21తో ముగిసింది, ఆలస్యం రెండు రోజులు కాదు, 13.

అందుకే 17న ఆ కాగితాలు మళ్లీ పంపేటప్పుడు మెయిల్‌లో రెండు వాక్యాలు చేర్చాం: ఇవి సెప్టెంబరు 15న పంపిన కట్టలో 31, 32 పేజీలుగా ఇప్పటికే మీకు అందాయి, మీ సౌకర్యం కోసం మళ్లీ పంపుతున్నాం, గడువును అక్టోబరు 6 నుంచి లెక్కించగలరు. కోపంగా రాయాల్సిన పనిలేదు. ఈ రెండు వాక్యాలు లేకపోతే, మళ్లీ పంపడమే మొదటిసారి పంపలేదని ఒప్పుకున్నట్టు అవుతుంది. గడువు దాటితే బ్యాంకు రేటుకు 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. ఇంత మొత్తానికి, ఇన్ని రోజులకు అది కొన్ని వందల రూపాయలే. అయినా అడగాలి, అడిగితేనే ఆలస్యమైందన్న మాట వాళ్ల రికార్డులోకి ఎక్కుతుంది.

అడిగిన కాగితం ఎందుకు అడిగారు

మొదటి మెయిల్ గురించి మంచి మాట చెప్పాలి. బీపీ మొదటి చీటీ, కేస్ షీట్ పూర్తి నకలు, ప్లేట్‌లెట్ల సంఖ్య చూపే రోజువారీ రక్త పరీక్షల రిపోర్టులు, ఈ మూడూ ఒకేసారి అడిగారు. ప్రతిదానికీ ఎందుకు కావాలో ఒక వాక్యం రాశారు. కేస్ షీట్ అడగడాన్ని చాలామంది వేధింపుగా చూస్తారు, నేను అలా చూడను. డెంగీ క్లెయిముల్లో కంపెనీకి వచ్చే మొదటి సందేహం రోగిని నిజంగా చేర్చుకోవాల్సిన అవసరం ఉందా అన్నది. డిశ్చార్జి సమ్మరీలో ప్లేట్‌లెట్లు తగ్గాయని ఒక వాక్యమే ఉంటుంది. కేస్ షీట్‌లో ఏ పూట ఎంత జ్వరం, బీపీ ఎంత పడిపోయింది, ఏ సెలైన్ ఎప్పుడు పెట్టారు అన్నవి గంటల లెక్కన ఉంటాయి. ఆ కాగితం చాలాసార్లు రోగి పక్షానే నిలబడుతుంది. మా బావను కాపాడింది కూడా అదే.

కాగితం అడగడం న్యాయమా కాదా అన్నది తేల్చడానికి నేను చూసేది ఒక్కటే: ఆ కాగితం ఏ సందేహాన్ని తీరుస్తుందో వాళ్లు చెప్పారా? చెబితే తెచ్చివ్వాలి, కష్టమైనా సరే. చెప్పకుండా పోర్టల్‌లో `Query Raised` అని మాత్రం చూపి, కాగితం పేరు ఒక్కటే పెడితే, ఎందుకని మెయిల్‌లో అడగాలి. చాలాసార్లు ఆ ప్రశ్నతోనే కాగితం అవసరం లేదని తేలిపోతుంది, లేదా అదే పని చేసే ఇంకో కాగితం సరిపోతుంది.

ఫోన్ మాటల గురించి ఒక్క ముక్క. కాల్ సెంటర్‌లో తెలుగులో చక్కగా మాట్లాడారు. "అన్నీ క్లియర్ సర్, రెండు రోజుల్లో అమౌంట్ పడిపోతుంది" అన్నారు, అక్టోబరు రెండో వారంలో. ఆ తర్వాతే 14నాటి మెయిల్ వచ్చింది. ఫోన్‌లో మాట్లాడేవాళ్లకు తెర మీద కనిపించేది క్లెయిమ్ ఏ దశలో ఉందన్న ఒక్క మాటే, కాగితాలు చూసే డాక్టర్ టేబుల్ మీద ఏముందో వాళ్లకు తెలియదు. అందుకని ఆ మాటను నమ్మి ఎవరికీ అప్పు తీరుస్తానని తేదీ చెప్పకూడదు. బావ తన అన్నకు అలాగే తేదీ చెప్పి ఇబ్బంది పడ్డాడు.

డబ్బు వచ్చాక చదవాల్సిన ఉత్తరం

నవంబరు 3న ఖాతాలో పడింది ₹85,000. బిల్లు ₹1,05,500. ఇంట్లో అందరికీ ఊరట. బీపీ గొడవలో మొత్తం పోతుందనుకున్నది ఇంత వచ్చింది కదా అన్నారు. చాలా కుటుంబాలు ఇక్కడే ఫైలు మూసేస్తాయి. నా లెక్కలో క్లెయిమ్‌లో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన కాగితం అప్పుడే వస్తుంది, అది కోతల వివరం చెప్పే సెటిల్‌మెంట్ లెటర్.

బిల్లులో గది అద్దె రోజుకు ₹6,000 చొప్పున నాలుగు రోజులకు ₹24,000. డాక్టర్ల విజిట్లు ₹12,000, నర్సింగ్ ₹6,000. ల్యాబ్ పరీక్షలు ₹21,000, మందులు ₹27,000, ప్లేట్‌లెట్లు ₹12,000. రిజిస్ట్రేషన్, ఫైలు ఛార్జీ, గ్లౌజుల్లాంటివి ₹3,500. ఈ చివరివి పాలసీ ఇవ్వదు, పాలసీ పుస్తకం వెనుక వాటి జాబితానే ఉంటుంది. ఆ కోత సరైనదే.

మిగిలిన ₹1,02,000లో ₹17,000 కోసి, ఎదురుగా ఇంగ్లిష్‌లో పాలసీ షరతుల ప్రకారం అని మాత్రం రాశారు. ఏ షరతు? చెప్పలేదు. క్లెయిమ్ మొత్తంగా కాదన్నా, కొంత కోసినా, పాలసీలోని ఏ నిబంధన ప్రకారమో రాసి చెప్పాలని 2024 ఆదేశంలో స్పష్టంగా ఉంది. ఈ ఉత్తరం ఆ పని చేయలేదు. ఈ క్లెయిమ్ మొత్తంలో కంపెనీ తీరు మీద నాకున్న గట్టి అభ్యంతరం ఇదే, ఆలస్యం కాదు.

అంకెలే గుట్టు విప్పాయి. ₹17,000 అంటే ₹1,02,000లో సరిగ్గా ఆరో వంతు. బావ పాలసీలో గది అద్దె పరిమితి బీమా మొత్తంలో 1 శాతం, అంటే రోజుకు ₹5,000. తీసుకున్న గది ₹6,000. ఆరు వేలలో వెయ్యి ఎక్కువ, అంటే ఆరో వంతు. గదికి ఎంత నిష్పత్తిలో మించారో అదే నిష్పత్తిలో బిల్లు మొత్తాన్ని కోశారన్నమాట. ఈ నిష్పత్తి కోత పాలసీలో ఉన్నదే. ఖరీదైన గది తీసుకుంటే డాక్టర్ ఫీజు, ఆపరేషన్ ఛార్జీలు కూడా పెంచే ఆసుపత్రులు ఉన్నాయి కాబట్టి దీన్ని పెట్టారు. కానీ దీనికి హద్దులున్నాయి. 2020 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మందులు, వాడిపారేసే సామగ్రి, ఇంప్లాంట్లు, వైద్య పరికరాలు, రోగ నిర్ధారణ పరీక్షల మీద ఈ కోత వేయకూడదు. ఐసీయూ ఛార్జీల మీద కూడా వేయకూడదు. ఇంకా ముఖ్యమైనది, గదిని బట్టి ఛార్జీలు మార్చని ఆసుపత్రిలో, లేదా గదిని బట్టి మారని ఖర్చుల మీద అసలు వేయకూడదు.

ఈ చివరి నియమం మన ఊళ్లకు ప్రత్యేకంగా పనికొస్తుంది. పెద్ద నగరాల కార్పొరేట్ ఆసుపత్రుల్లో గదికో రేటు ఉంటుంది. హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు చిన్న ఆసుపత్రుల్లో చాలాచోట్ల డాక్టర్ విజిట్ ఫీజు జనరల్ వార్డులో ఎంతో సింగిల్ రూములోనూ అంతే. అది రాసిచ్చే కాగితం ఒక్కటి ఆసుపత్రి నుంచి తెచ్చుకుంటే కోత నిలవదు. రోగి అడగడు, ఆసుపత్రి తనంతట తాను ఇవ్వదు, కోత అలాగే ఉండిపోతుంది.

బావ తరఫున కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి ఒక పేజీ ఉత్తరం రాశాం. ల్యాబ్ మీద కోసిన ₹3,500, మందుల మీద ₹4,500 మార్గదర్శకాల ప్రకారమే చెల్లవు. ప్లేట్‌లెట్లు బయటి బ్లడ్ బ్యాంకు నుంచి తెచ్చినవి, వాటి ధరకు గదితో సంబంధమే లేదు, కాబట్టి ఆ ₹2,000 కూడా చెల్లదు. డాక్టర్ విజిట్ల మీద ₹2,000 కోశారు, ఆసుపత్రి రేట్ల పట్టిక జత చేస్తున్నాం, అన్ని గదులకూ ఫీజు ఒకటే. నర్సింగ్ మీద ₹1,000 గురించి ఏమీ అడగలేదు, ఎందుకంటే అదే పట్టికలో నర్సింగ్ ఛార్జీ గదిని బట్టి మారుతోంది. గది అద్దెలో మించిన ₹4,000 కూడా అడగలేదు, అది బావ ఎంచుకున్న గది. అడిగింది ₹12,000. ఏది అడగకూడదో మనమే వదిలేసి రాస్తే, మిగిలిన ప్రతి వరుసనూ వాళ్లు విడిగా చూసి జవాబివ్వాల్సి వస్తుంది.

ఫిర్యాదుకు కంపెనీ రెండు వారాల్లో జవాబివ్వాలి. ఆ లోపే ₹12,000 వచ్చింది. మొత్తం ₹97,000. ఈసారి వచ్చిన ఉత్తరంలో మిగిలిన ప్రతి కోతకూ పాలసీ నిబంధన నంబరు వేసి ఉంది. ఇదే ఉత్తరం మొదట వచ్చి ఉంటే మధ్యలో ఈ రాతకోతలు అక్కర్లేదు. ఆలస్యానికి వడ్డీ గురించి మాత్రం ఒక్క ముక్కా రాయలేదు, బావ మళ్లీ అడిగాడు, జవాబు రావాల్సి ఉంది.

కంపెనీ ఒప్పుకోకపోతే తర్వాతి మెట్లు రెండు. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ bimabharosa.irdai.gov.in లో గానీ, 155255 నంబరులో గానీ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. అది మళ్లీ కంపెనీకే వెళుతుంది, కానీ నియంత్రణ సంస్థ కళ్ల ముందు వెళుతుంది. అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు ఆ కార్యాలయమే. 50 లక్షల దాకా తగాదాలు వింటారు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల రోజులు ఆగాలి, లేదా వాళ్లు కాదని జవాబిచ్చి ఉండాలి. ఆ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడ కూడా అడిగేది ఇవే: ఏ తేదీన ఏం పంపారు, ఏం అడిగారు, ఏ కారణం రాశారు. పేజీ నంబర్లు వేసిన ఆ కట్ట ఉంటే కొత్తగా తయారు చేయాల్సిందేమీ ఉండదు.

బావ ఇప్పుడు వచ్చే మార్చిలో పాలసీని వేరే కంపెనీకి మార్చుకోవాలని చూస్తున్నాడు, గది అద్దె పరిమితి లేనిది కావాలట. మార్చుకుంటే కొత్త ప్రపోజల్ ఫారంలో బీపీ ఉందని, 2025 ఏప్రిల్ నుంచి అని రాయాలి. పాత కంపెనీ నుంచి క్లెయిమ్ వివరాలు కొత్త కంపెనీకి వెళతాయి, ఆ వివరాల్లో ఐదేళ్ల బీపీ అన్న పాత సమ్మరీ కూడా ఉండొచ్చు. అందుకని డాక్టర్ ఇచ్చిన సవరణ ఉత్తరం, కేస్ షీట్ మొదటి పేజీ, నర్సంపేట చీటీ, ఈ మూడింటి నకళ్లు కొత్త ఫారంతోనే పంపమని చెప్పాను.